డోజో, కటా, ఒస్: జపాన్‌లో సాధనకు వెళ్లినప్పుడు ఎలా నడుచుకోవాలి

ఉద్యోగం మీదో చదువు మీదో జపాన్ వెళ్లే కరాటే విద్యార్థులు నన్ను తరచూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "అక్కడ డోజోకు వెళితే ఏం చేయాలండీ? అన్నిటికీ 'ఒస్' అంటే సరిపోతుంది కదా?"

సరిపోదు. సాధన చేసే చోటు డోజో, ఒక క్రమంలో చేసే కదలికల వరుస కటా, పలకరింపుగానో అంగీకారంగానో అనే మాట ఒస్. మన దగ్గర తరగతిలో ఈ మూడు మాటలనూ ఒకేసారి నేర్పుతారు కాబట్టి మూడూ ఒకే స్థాయి మాటలని అనుకుంటాం. డోజో మర్యాద దాదాపు అన్ని జపాన్ యుద్ధ విద్యలకూ ఉమ్మడి. కటా మర్యాద కూడా కొద్ది తేడాలతో అంతే. ఒస్ మాత్రం కొన్ని శాఖలకే చెందినది. ఒకచోట అది గౌరవం, మరోచోట మొరటుతనం. ఈ తేడా తెలియక నేను ఇబ్బంది పడ్డాను, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు పలుకుబడి చూడండి. మన లిపిలో 'డోజో' అని రాయడం అలవాటైపోయింది కానీ జపనీయుల నోట అది 'దోజో'కు దగ్గరగా ఉంటుంది. రెండు ఓకారాలనూ బాగా సాగదీయాలి. 'కటా'ను వాళ్లు 'కత' అంటారు. పల్లెల్లో కథను కత అంటారు చూడండి, అచ్చంగా అలాగే. 'ఒసు'లో చివరి ఉకారం వినపడీ వినపడనట్టు పోతుంది కాబట్టి చెవికి 'ఒస్' అనే వినిపిస్తుంది. మన శిక్షణ తరగతుల్లో వినిపించే 'ఊస్' తప్పు.

వెంట ఉండాల్సినవి

- ఉతికి ఆరబెట్టిన తెల్లని సాధన దుస్తులు. కాలరు దగ్గర చెమట మరక ఉన్నా గమనిస్తారు.
- మీ బెల్టుతో పాటు ఒక తెల్ల బెల్టు. వేరే శాఖ డోజోకు వెళితే ఏది కట్టుకోవాలో ముందే అడగండి. అడగడం కుదరకపోతే తెల్లదే కట్టుకోండి.
- చిన్న తువ్వాలు, విప్పడానికి తేలికైన చెప్పులు.
- రుసుము కోసం ఒక శుభ్రమైన కవరు. నోట్లు విడిగా చేతిలో పెట్టకూడదు. కవరులో ఉంచి రెండు చేతులతో ఇవ్వాలి.
- గోళ్లు కత్తిరించుకోండి. ఉంగరం, కడియం, గొలుసు ఇంట్లోనే వదిలేయండి. మెట్టెలు తీయకూడదనుకునే వాళ్లు వాటి మీద వైద్యానికి వాడే అంటు పట్టీ రెండు చుట్లు చుట్టాలి. పక్కవాళ్ల పాదం గీసుకుంటే అది మీ తప్పే అవుతుంది.

డోజో: గడప దగ్గర నుంచి

డోజో అంటే 'మార్గపు చోటు'. ఇది మొదట వ్యాయామశాల పేరు కాదు. బౌద్ధంలో బుద్ధుడు జ్ఞానం పొందిన స్థలాన్ని సంస్కృతంలో 'బోధిమండ' అంటారు. ఆ మాటకు చైనా, జపాన్ బౌద్ధులు వాడిన అనువాదమే ఇది. తరవాతి కాలంలో యుద్ధ విద్యల వాళ్లు ఆ పేరు తీసుకున్నారు. జూడో స్థాపకుడు కానో జిగోరో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో 12 చాపలు పరిచిన గదిలో కొడొకాన్ అనే తన జూడో డోజోను మొదలుపెట్టారు. అక్కడి మర్యాదలో ఆలయ వాసన ఎందుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

1. చెప్పులు విప్పి, ముందు భాగం బయటి వైపు ఉండేలా తిప్పి జతగా పెట్టండి. వెళ్లేటప్పుడు కాలు పెట్టగానే తొడుక్కునేలా ఉండాలి. గడప తొక్కకుండా దాటండి. మన ఇళ్లలో పెద్దలు చెప్పే మాటే ఇది, జపాన్‌లోనూ గడప తొక్కడం అమర్యాదే.

2. లోపల అడుగు పెట్టగానే ఆగి, గదికి ముందుభాగమైన గోడ వైపు తిరిగి వంగండి. ఆ గోడను 'షోమెన్' అంటారు. అక్కడ స్థాపకుడి పటమో, చేతిరాత పలకో, చిన్న పూజాపీఠమో ఉంటుంది. చేతులు తొడల పక్కన ఆనించి, వీపు నిటారుగా ఉంచి, నడుము దగ్గర వంగాలి. 30 డిగ్రీల వంపు చాలు. రెండు చేతులూ జోడించవద్దు.

ఇక్కడ మనవాళ్లు తప్పకుండా చేసే పొరపాటు ఇంకొకటి ఉంది. గురువును చూడగానే పాదాలకు నమస్కరిస్తారు. మనకది అత్యున్నత గౌరవం. అక్కడి గురువు మాత్రం కంగారుపడి వెనక్కి అడుగు వేస్తారు. ఆయనకు కూడా నిలబడి వంగడమే పద్ధతి.

3. షోమెన్‌కు ఎదురుగా, సాధారణంగా ద్వారం ఉన్న వైపు, చిన్నవాళ్ల స్థానం ఉంటుంది. దాన్ని 'షిమోజా' అంటారు. కొత్తవాళ్లు, చూడటానికి వచ్చినవాళ్లు అక్కడే ఉండాలి. వేడెక్కడానికి కాళ్లు చాపి కూర్చున్నా అరికాళ్లు షోమెన్ వైపు ఉండకూడదు. దుస్తులు సరిచేసుకోవాలన్నా బెల్టు బిగించుకోవాలన్నా షోమెన్‌కు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి చేసుకోండి. పై దుస్తు వేసుకునేటప్పుడు మీ ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వస్తే అది శవానికి తొడిగే పద్ధతి. ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి సరిచేస్తారు.

4. వరుసలో నిలబడమన్నప్పుడు ముందుకు తోసుకుపోకండి. బెల్టు స్థాయిని బట్టి వరుస కడతారు. షోమెన్ వైపు చూస్తూ నిలబడితే పెద్ద స్థాయి వాళ్లు కుడి చివర ఉండటం ఎక్కువ చోట్ల ఉన్న పద్ధతి. మీది ఏ బెల్టయినా, అతిథిగా వెళ్లినప్పుడు మీ స్థాయి వాళ్లలో చివర నిలబడండి. ముందుకు రమ్మని వాళ్లే పిలిస్తే అప్పుడు కదలండి.

5. 'సెయిజా' అనగానే మోకాళ్ల మీద కూర్చోవాలి. ఎడమ మోకాలు ముందు నేలకు ఆనాలి, తరవాత కుడిది. లేచేటప్పుడు కుడి పాదం ముందు. మడమల మీద కూర్చుని వీపు నిలబెట్టి అరచేతులు తొడల మీద ఉంచండి. 'మొకుసో' అంటే కళ్లు మూసి ఊపిరి నెమ్మదిగా తీసుకునే సమయం. 'యమె' అన్నాక కళ్లు తెరవాలి.

మనం బాసిపట్లు వేసుకుని కూర్చోవడానికి అలవాటు పడినవాళ్లం కాబట్టి సెయిజాలో రెండు మూడు నిమిషాలకే పాదాలు తిమ్మిరెక్కుతాయి. స్పర్శ పోయిన పాదం మీద ఒక్కసారిగా లేచి చీలమండ మెలితిప్పుకున్నవాళ్లను చూశాను. లేవబోయే ముందు కాలివేళ్లను నేలకు మడిచి, మడమలు నిలబెట్టి, బరువు వాటి మీద వేసి కొద్ది క్షణాలు ఆగండి. పాదానికి స్పర్శ వచ్చాకే లేవండి. మోకాలి శస్త్రచికిత్స అయినవాళ్లు తరగతి మొదలవక ముందే ఆ సంగతి చెబితే బాసిపట్లు వేసుకోమంటారు. చెప్పకుండా మధ్యలో కాళ్లు మార్చడమే బాగోదు.

6. తరవాత మూడు వందనాలు వరుసగా వస్తాయి. 'షోమెన్ ని రెయి' అంటే ముందుగోడకు, 'సెన్సెయి ని రెయి' అంటే గురువుకు, 'ఒతగాయి ని రెయి' అంటే ఒకరికొకరు. మొదటిది ఎక్కువచోట్ల మౌనంగా చేస్తారు. గురువుకు, తోటివాళ్లకు వంగేటప్పుడు తరగతి మొదట్లో 'ఒనెగాయిషిమాసు' అంటారు. దయచేసి నేర్పండి, సహకరించండి అనే అర్థం. చివర్లో 'అరిగతో గొజాయిమాషిత' అని ధన్యవాదాలు చెబుతారు. పక్కవాళ్ల తల లేచేదాకా మీరు తల ఎత్తకపోతే చాలు, లయ తప్పదు.

7. ఆలస్యమైతే నేరుగా వరుసలోకి వెళ్లకూడదు. ద్వారం దగ్గర సెయిజాలో కూర్చుని, గురువు చూసి తల ఊపేదాకా ఆగండి. అయిదు నిమిషాలు పట్టినా సరే. మధ్యలో బయటికి వెళ్లాల్సి వచ్చినా అనుమతి అడగండి. చెప్పకుండా వెళ్లిపోతే ఒంట్లో బాగోలేదేమోనని అందరూ వెతుకుతారు.

8. తరగతి చివర నేల తుడిచే పని ఉంటుంది. అక్కడ పొడవు కర్ర తుడుపులు వాడరు. చిన్న గుడ్డ తడిపి గట్టిగా పిండి, మడిచి, రెండు అరచేతులూ దాని మీద ఆనించి, నడుము పైకెత్తి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుగు తీస్తూ నెట్టుకుపోతారు. బ్లాక్ బెల్టు వాళ్లూ చేస్తారు. మీరు అతిథి కదా, వద్దని వారిస్తారు. ఒకసారి వద్దన్నా గుడ్డ అందుకోండి. నీళ్లు ఎక్కువగా ఉన్న గుడ్డతో తుడిస్తే చెక్క నేల పాడవుతుంది కాబట్టి పిండటమే ముఖ్యం.

కటా: వందనం నుంచి వందనం దాకా

కటా అంటే అచ్చు, మూస. ఇటుక అచ్చులో మట్టి పోసినట్టు శరీరాన్ని ఒక క్రమంలో పోయడం. మర్యాద అంతా ఈ అర్థంలోనే ఉంది. అచ్చును విద్యార్థి మార్చడు.

ఉదాహరణకు షోటోకాన్ అనే కరాటే శాఖలో అందరూ నేర్చే 'హెయియన్ షొదన్' తీసుకుందాం. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల కరాటే గురువు ఇతొసు అంకో పాఠశాల పిల్లల కోసం కూర్చిన 'పినాన్' కటాల వరుసలోదే ఇది. షోటోకాన్ స్థాపకుడు ఫునకోషి గిచిన్ ఆ వరుసకు హెయియన్ అని పేరు మార్చారు. ఇందులో 21 కదలికలు. తొమ్మిదో కదలికకు ఒకసారి, పదిహేడో కదలికకు ఒకసారి కేక, అంటే 'కియాయి' వస్తుంది.

9. మీ వంతు వచ్చినప్పుడు నడిచి వెళ్లి, మడమలు కలిపి నిలబడి వంగండి. తరవాత కటా పేరు గది చివరి దాకా వినబడేలా చెప్పండి. పేరు చెబుతూ వంగవద్దు, వంగుతూ చెప్పవద్దు. రెండూ వేరువేరు పనులు. అప్పుడు పాదాలు విడదీసి, పిడికిళ్లు ముందుకు తెచ్చి సిద్ధంగా నిలబడాలి. దీనికి 'యోయి' అని పేరు. ఒక పూర్తి శ్వాస తీసుకున్నాకే మొదటి కదలిక.

ఆ మొదటి కదలిక ఎడమ వైపు తిరిగి కింది దెబ్బను అడ్డుకోవడం. దాడితో మొదలు కాదు. 'కరాటేలో మొదటి దెబ్బ లేదు' అని ఫునకోషి చెప్పిన సూత్రాన్ని ఈ కటా ఒంటితో చెప్పిస్తుంది. అందుకే తిరగకముందే పిడికిలి బిగించి మీదికి దూకేలా చేసేవాళ్లను గురువులు అక్కడికక్కడే ఆపి మళ్లీ మొదలుపెట్టిస్తారు.

10. మధ్యలో తప్పు చేస్తే ఆగకండి. తల గోక్కోవడం, నవ్వడం, 'క్షమించండి' అనడం, మొదటికి వెళ్లడం, వీటిలో ఏదీ వద్దు. తెలిసిన తరవాతి కదలికకు వెళ్లిపోండి. ఆపాలా వద్దా అన్నది గురువు చెప్పాల్సిన మాట.

11. ఇరవై ఒకటో కదలిక తరవాత అలాగే ఉండండి. చూపు ఎదురుగా, ఒళ్లు సిద్ధంగా. దీన్ని 'జన్షిన్' అంటారు, మనసు ఇంకా అక్కడే నిలిచి ఉండటం. 'యమె' అన్నాక ఎడమ కాలు వెనక్కి తీసుకుని మొదటి నిలకడకు రావాలి. 'నవొరె' అన్నాక ఒళ్లు సడలించి, మడమలు కలిపి వంగాలి. చివరి దెబ్బ పడగానే చేతులు దించి నడిచి వచ్చేయడం మన దగ్గర నేను చూసే అతి పెద్ద లోపం. కటా ఎంత బాగా చేసినా చివరి మూడు క్షణాలు పోగొట్టుకుంటున్నారు.

మీరు సరిగ్గా చేశారో లేదో చూసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. నిలబడే చోట నేల మీద సుద్దముక్కతో గీత గీయండి. కటా అయ్యాక ఆ గీత మీదికే రావాలి. ఈ కటా దారి ఇంగ్లీషు పెద్ద ఐ అక్షరం ఆకారంలో ఉంటుంది. నడిమి గీత మీద మూడు అడుగులు పైదెబ్బ అడ్డుకుంటూ ముందుకు వెళతారు, ఆ తరవాత మూడు అడుగులు పిడిగుద్దులతో వెనక్కి వస్తారు. గీతకు ముందే ఆగిపోతే తిరుగు ప్రయాణంలో అడుగులు కురచ అయ్యాయన్నమాట. అలసిపోయి మోకాలు నిటారైపోతుంది, అందుకే అలా జరుగుతుంది. గీత దాటి వెనక్కి పోతే ముందుకు వెళ్లిన అడుగులు కురచ. పక్కకు జరిగిపోతే మలుపుల్లో పాదం సరిపోయినంత దాటలేదు. మీ పాదమంత తేడా ఉంటే పరవాలేదు. అంతకు మించితే నడిమి గీత మీది ఆరు అడుగులనే విడిగా సాధన చేయండి.

ఇంకొకరు కటా చేస్తున్నప్పుడు వాళ్లకూ గురువుకూ మధ్య నడవకండి. చుట్టూ తిరిగి వెళ్లండి. చూస్తున్నప్పుడు చేతులు కట్టుకోకండి, గోడకు ఆనుకోకండి. అడగకుండా ఫోనులో చిత్రీకరించకండి. అన్నిటికంటే ముఖ్యం, 'మా దగ్గర ఇది వేరేలా నేర్పారు' అనకండి. అక్కడ ఉన్నంతసేపు వాళ్ల అచ్చులోనే చేయండి. మీ పద్ధతి మీ ఊరికి తిరిగి వచ్చాక చేసుకోవచ్చు. రెండు శాఖల తేడా తెలుసుకోవాలనే ఆసక్తి నిజంగా ఉంటే తరగతి అయ్యాక, 'ఇక్కడ చేయి ఇలా ఎందుకు వస్తుంది?' అని అడగండి. ఆ ప్రశ్నకు అరగంట చెప్పే గురువులున్నారు.

ఒస్: ముందు వినండి, తరవాత అనండి

రాతలో దీనికి రెండు అక్షరాలు. ఒకటి నెట్టడం, రెండోది ఓర్చుకోవడం. ఒత్తిడిని భరిస్తూ ముందుకు పోవడం అని శాఖల్లో వివరిస్తారు. ఉదయం చెప్పే 'ఒహాయో గొజాయిమాసు' అనే పలకరింపు కురచై ఇలా మారిందనే వివరణ కూడా ప్రచారంలో ఉంది. ఏదైనా, జపాన్‌లో ఇది కుర్రాళ్ల బృందాల్లో, విశ్వవిద్యాలయ కరాటే సంఘాల్లో పెరిగిన గట్టి, మగటిమి మాట. ఓయామా మసుతత్సు స్థాపించిన క్యోకుషిన్ కరాటే శాఖలో పలకరింపు, అంగీకారం, వీడ్కోలు అన్నీ ఇదే. చాలా షోటోకాన్ డోజోల్లోనూ వినిపిస్తుంది. ఒకినావాలోని అనేక పాత డోజోల్లో మాత్రం వినబడదు. కెండో అనే కత్తి విద్య, ఐకిడో, విలువిద్య నేర్పేచోట సాధారణంగా అనరు.

నాకు జరిగింది ఇది. ఒకినావాలోని నాహా నగరంలో ఒక చిన్న డోజో, పదిమందికి మించి పట్టదు. గురువుగారికి డెబ్బై దాటి ఉంటాయి. నా మోచేతిని రెండు వేళ్లతో పట్టి పక్కటెముకల దగ్గరికి తోశారు. నేను గోడలు అదిరేలా "ఒస్!" అన్నాను. గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. ఆయన కోప్పడలేదు. "హాయి, అంటే చాలు" అన్నారు నెమ్మదిగా. 'హాయి' అంటే 'అలాగేనండి'. ఆ తరవాత గంటన్నరలో ఆ గదిలో ఒక్కరి నోటా ఒస్ రాలేదని అప్పుడు గమనించాను. ముందే చెవులు పెట్టి ఉంటే ఆ మాట అనేవాడినే కాదు.

12. కాబట్టి మొదటి పావుగంట ఎవరు ఏమంటున్నారో వినండి. అందరూ ఒస్ అంటుంటే మీరూ అనండి, కొద్దిగా వంగుతూ, పొట్టిగా. వినబడకపోతే 'హాయి' అనండి. 'హాయి' ఎక్కడా తప్పు కాదు, క్యోకుషిన్‌లో కూడా కోప్పడరు, ఒస్ అనమని చెబుతారంతే.

13. ప్రశ్నకు జవాబుగా ఒస్ అనకండి. ఒకసారి నా మోకాలు వాచింది. "నొప్పిగా ఉందా?" అని గురువు అడిగితే అలవాటుగా ఒస్ అన్నాను. నొప్పి ఉందన్నానో లేదన్నానో ఆయనకు అర్థం కాలేదు. నేను భరిస్తానంటున్నాననుకుని గుంజీల లాంటి వ్యాయామం మళ్లీ చేయించారు. మోకాలికి మూడు వారాలు పట్టింది. ఉందంటే 'హాయి', లేదంటే 'ఇయియె' అనండి. అర్థం కానప్పుడు ఒస్ అనడం ఇంకా ప్రమాదం. 'అర్థమైంది, చేస్తాను' అని చెప్పినట్టు అవుతుంది. అర్థం కాలేదనడానికి 'వకరిమసెన్' అనే మాట నేర్చుకుని వెళ్లండి.

14. ధన్యవాదానికి, క్షమాపణకు బదులుగా ఇది పనికిరాదు. పొరపాటున తోటి సాధకుడి ముక్కుకు దెబ్బ తగిలితే 'సుమిమసెన్' అని చెప్పి ఆగి చూడాలి.

15. డోజో గడప దాటాక ఆ మాట అక్కడే వదిలేయండి. రైల్వే స్టేషన్‌లో గురువు కనబడినా, వాళ్ల ఇంట్లో పెద్దలు ఎదురైనా, ఉద్యోగం చేసేచోట పై అధికారి వచ్చినా ఒస్ అనకూడదు. మన ఊళ్లో వయసులో పెద్దాయన్ని 'ఏరా' అని పలకరించినట్టు ఉంటుంది. పగలైతే 'కొన్నిచివా', సాయంత్రమైతే 'కొంబన్‌వా' అని కొద్దిగా వంగండి.

తరగతి అయ్యాక మీరు సరిగ్గా నడుచుకున్నారో లేదో ఇలా తెలుస్తుంది. తప్పులు చేస్తే జపాన్ గురువులు ఎక్కువగా నోరు తెరిచి చెప్పరు. మీకు నేర్పడం తగ్గించి, చూస్తూ ఉండిపోతారు. అదే మీ భుజాన్ని చేత్తో సర్ది, మీ కటాలో ఒక తప్పు పట్టుకుని మళ్లీ మళ్లీ చేయించారంటే మిమ్మల్ని విద్యార్థిగా చూశారన్నమాట. వెళ్లేటప్పుడు మళ్లీ ఎప్పుడు వస్తారని అడిగితే ఖాళీగా ఉన్న రోజు అప్పుడే చెప్పి, గది వైపు తిరిగి వంగి, గడప తొక్కకుండా బయటికి వచ్చి చెప్పులు తొడుక్కోండి.